వీపు మీద కంచు పళ్లెం

రాయతా తిన్నవాళ్లు మూడు ట్రాక్టర్ల నిండా దిగారు.

ధుసియా ఆసుపత్రిలో ఆరో నెంబరు గది కుక్కకాటు సూదుల గది. పదకొండేళ్లుగా దాన్ని ఏలుతున్నది నర్సు ప్రభావతి చౌరసియా. ఏలడమంటే పెద్ద మాటే. ఓ కుళాయి, ఓ సిమెంటు తొట్టి, ఓ సబ్బు బిళ్ల, మందుల ఫ్రిజ్, గోడ గడియారం, ఇంతే ఆమె రాజ్యం. ఆ తొట్టి దగ్గర ఆమె చూడని రోత లేదు. కాటు మీద ఆవనూనెలో కారం కలిపి మెత్తుకొచ్చేవాళ్లు, సున్నం పట్టించుకొచ్చేవాళ్లు, బీడీ నుసి అద్దుకొచ్చేవాళ్లు, పేడ పూసుకొచ్చేవాళ్లు, నమిలిన పొగాకు ఎవరిచేతనో ఉమ్మించుకొని మరీ వచ్చేవాళ్లు. అదంతా ఆమె వేళ్లతోనే పోవాలి. మధ్యాహ్నం రొట్టె విప్పుకున్నప్పుడల్లా ముందు కుడిచేయి ఓసారి వాసన చూసుకోవడం అలవాటైపోయింది. ఎంత తోమినా ఆవనూనె కంపు వదిలేది కాదు.

ఆ శుక్రవారం పొద్దున ఆమె ఒక గాజులమ్మే ఆవిడ పిక్క కడుగుతోంది. కుక్క కరిచి గంట కాలేదు. నీళ్లు ధారగా వదిలి, సబ్బు రుద్ది, మళ్లీ వదిలి, గడియారం వైపు చూస్తోంది. పావుగంట ముల్లు తిరగాలి, అంతకు ఒక్క నిమిషం తగ్గినా ఆమె ఒప్పుకోదు. అప్పుడే బేల్‌హరి ఊరి ప్రధాన్ త్రివేణీ రాయ్ గది నిండా మనుషుల్ని తోసుకుంటూ వచ్చాడు.

"సిస్టరమ్మా, ఊరు ఊరంతా పోయేట్టుంది. అందరికీ సూదులు వెయ్యాలి."

"ఎంతమందిని కరిచింది?"

"ఎవర్నీ కరవలేదు."

"మరి ఇక్కడికెందుకు వచ్చారు, చూసిపోదామనా?"

"గేదె చచ్చింది," అన్నాడు ప్రధాన్. "పిచ్చికుక్క జబ్బేనని పశువుల కాంపౌండరు ఇందాకే చెప్పాడు. రెండు నెలల కింద దాన్ని ఒక కుక్క పీకిందంట. మొన్న ఆదివారం యాదవుల ఇంట్లో పోయిన పెద్దాయన పదమూడో రోజు భోజనాలు పెట్టారు. బూందీ రాయతాకి పెరుగు ఆ గేదెదే. నేను రెండుసార్లు పోయించుకున్నాను."

ప్రభావతి కుళాయి కట్టకుండానే మాట్లాడింది. "పాలు కాచి తోడేశారా, పచ్చిపాలు తోడేశారా?"

"పచ్చిపాలు ఎవరు తోడేస్తారు? కాచే వేశారు."

"అయితే ఇంటికి పొండి. కాచిన పాలలో ఆ పురుగు బతకదు. అది ఉండేది జబ్బు జంతువు చొంగలో. చొంగ మీ గాయంలో పడాలి, లేదంటే కంట్లోనో నోట్లోనో పడాలి. మీ కడుపుల్లో పడింది పెరుగు. అజీర్తి చేస్తే పక్కగదికి వెళ్లండి."

ఎవరూ కదల్లేదు. ఒకడు గొంతులో ఏదో అడ్డం పడ్డట్టుందన్నాడు, ఇంకొకడు నీళ్లు చూస్తే అదోలా ఉందన్నాడు, వాళ్లావిడ పక్కనే సీసా ఎత్తి గటగటా తాగుతోంది. అరగంటలో ప్రధాన్ ఫోను డాక్టర్ అంజుమ్ చేతికి చేరింది. అవతల ఎవరో పెద్దమనిషి తాలూకు మనిషి. డాక్టర్ కొత్తగా వచ్చిన కుర్రాయన. ఫోను తిరిగి ఇచ్చేసి, ప్రభావతి మొహం చూడకుండా, "వేసెయ్యండి సిస్టర్, గొడవెందుకు," అన్నాడు.

ఆమెకు ఒళ్లు మండిపోయింది. ఫ్రిజ్‌లో ఉన్నవి నలభై సీసాలు, నెలాఖరు దాకా రావలసినవి. నిజంగా కరిపించుకున్నవాళ్లకి వేసే మందు, రాయతా తాగినవాళ్ల బలిసిన జబ్బల్లోకి పోతోంది. గాజులావిడకు ముందు వేసి పంపించి, మిగతావాళ్లను వరసలో నిలబెట్టింది. ఒక్కొక్కరికి రెండు జబ్బల్లోనూ చర్మంలో చిన్న బొబ్బ లేచేలా సూది గుచ్చుతూ, ప్రతివాణ్ణీ ఒకే ప్రశ్న అడిగింది.

"గేదె మూతి ముట్టుకున్నావా?"

"లేదు సిస్టరమ్మా."

"నువ్వు?"

"ఛీ, నేనెందుకు ముట్టుకుంటాను?"

నూట పది మంది అదే చెప్పారు. నూట పదకొండో మనిషి గేదెల ఆసామి ఇల్లాలు, ధనేసరా యాదవ్. అరవై ఏళ్ల మనిషి, గట్టి పిండం. అందరికన్నా ముందే రావలసింది, ఊరివాళ్లు తిట్టిపోస్తున్నారని వెనక నక్కింది. జబ్బ చూపించి కళ్లు మూసుకుంది.

"గేదె మూతి ముట్టుకున్నావా?"

"నేను కాదు. మా కోడలు చెయ్యి పెట్టింది."

సూది ఆగింది. "ఎక్కడ పెట్టింది?"

"నోట్లో. మోచేతి దాకా." ధనేసరా కళ్లు తెరిచి, ఇందులో వింతేముందన్నట్టు చూసింది. "సోమవారం నుంచీ చొంగ కారుస్తా, మింగలేక, గొంతు చించుకొని ఒకటే అరుపు. బంగాళదుంపో ఏదో అడ్డం పడిందనుకున్నాం. అది మామూలే కదా. మంగళవారం పొద్దున మా ఆయన దవడలు తాళ్లతో లాగి పట్టుకున్నాడు. మా చేతులు లావు, లోపలికి పోవు. సోన్‌మతివి సన్న చేతులు. గాజులు తీసి పెట్టవే అంటే ఒకటి రాలేదు, అది లోపల పగిలింది. ఏం దొరకలేదు. బుధవారం చచ్చింది."

గేదెలు పెంచే ఇళ్లలో ఇది అందరూ చేసే పనే. మేత అడ్డం పడితే నోట్లో చెయ్యి పెట్టి లాగేస్తారు. ఆ జబ్బుకీ గొంతు పట్టేస్తుంది, చొంగ కారుతుంది, చూసేవాళ్లకి అచ్చంగా దుంప ఇరుక్కున్నట్టే ఉంటుంది. ప్రభావతికి తెలుసు. గాజుపెంకు కోసిన చెయ్యి ఆ చొంగలో మోచేతి దాకా మునిగి వచ్చింది.

"ఆ పిల్ల ఏది?"

"ఇంట్లో ఉంది. మిగతా మూడు గేదెలకీ మేత ఎవరు వేస్తారు? పైగా నెల తప్పింది, నాలుగో నెల. సూదులు పడవు. మంత్రగాడు ఖదేరన్ వచ్చి వీపు మీద కంచు పళ్లెం పెట్టాడులే. పెట్టగానే ఊడి పడింది. విషం లేదు."

ప్రభావతి ఆమె జబ్బల్లో సూది గుచ్చి తీసింది. రాయతా ఒక చుక్క తిన్న ముసల్ది మొదటి ట్రాక్టరెక్కి వచ్చింది. చేతులారా ఆ చొంగ పులుముకున్న పిల్ల కుడితి కలుపుకుంటూ ఇంట్లో ఉంది.

"అయిపోయాయి," అంది గట్టిగా. మిగిలిన సీసాలు మంచు డబ్బాలో పడేసి మూత వేసింది. "మందు అయిపోయింది. రాయతావాళ్లు ఇక పొండి."

ప్రధాన్ అరిచాడు, రెండోసారి ఫోను తీశాడు. ఆమె అంతకన్నా గట్టిగా అరిచింది. అందరికన్నా ముందే సూది వేయించుకున్నాడు కాబట్టి అతనిలో అంత పట్టుదల మిగల్లేదు. పైగా అతని జీపు నడిపే రామ్‌బచన్, "నేను తీసుకెళ్తాను, ఎక్కక్కా," అన్నాడు.

*

దారి పొడుగునా ప్రభావతికి ఝింగురీ గుర్తొచ్చాడు. ఇటుకబట్టీలో పని చేసేవాడు. కుక్క కరిస్తే సున్నం పొగాకు కలిపి కట్టు కట్టుకొని ఊరుకున్నాడు. నలభయ్యో రోజున వచ్చాడు. కరిచినచోట చీమలు పాకుతున్నట్టుంది, జ్వరంగా ఉంది అన్నాడు. ఎంతో మర్యాదగా గ్లాసుడు నీళ్లు అడిగాడు. గ్లాసు పెదవి దాకా వచ్చేసరికి గొంతు బిగుసుకుపోయి, కళ్లు వెళ్లుకొచ్చి, గ్లాసు గోడకి కొట్టాడు. తర్వాత క్షమించమన్నాడు. ఫ్యాను గాలి తగిలినా అంతే. మధ్యమధ్య పూర్తిగా తెలివిలో ఉండేవాడు, భార్యని పేరు పెట్టి పిలిచేవాడు, పక్కనున్నవాళ్లు ఆ తెలివే చూడలేకపోయేవాళ్లు. అప్పటికి ఎన్ని సూదులు పొడిచినా లాభం లేదు. ఒకసారి లక్షణం కనిపించాక ఏ ఆసుపత్రిలోనూ దానికి మందు లేదు. మూడో రోజు పోయాడు. అతని చొంగ తుడిచిన గుడ్డలు ఆమే తగలబెట్టింది.

కాలవ గట్టు దగ్గర రామ్‌బచన్ జీపు నెమ్మది చేసి చూపించాడు. గేదెని పూడ్చిపెట్టకుండా అక్కడే ఈడ్చి పారేశారు. నాలుగు కుక్కలు దాని పొట్టలో తలలు దూర్చి ఉన్నాయి. ప్రభావతి కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుంది, కంపుకే కాదు.

సోన్‌మతి పశువుల కొట్టం దగ్గర గడ్డి కోస్తోంది. ఇరవై రెండేళ్లుంటాయేమో. భర్త సూరత్ మిల్లులో ఉన్నాడు. ప్రభావతి ఆమె చెయ్యి పట్టుకొని కట్టు విప్పింది. లోపల కారం, సున్నం, ఆవనూనె కలిసి ఎండి, పెంకులా పట్టేసింది. అంచుల్లో రసి. మణికట్టు పైన గాజు కోసిన గీత, ముంజేతి మీద పళ్లు గీసుకున్న గాట్లు రెండు.

"ఎవరు పూశారే ఈ పెంట?"

"ఖదేరన్ బాబా. మండితే మంచిదన్నాడు."

"మండించి లోపలికి తోశాడు. రా, పంపు దగ్గరికి."

మూడు రోజులైనా కడగవలసిందే. గంటలోపు కడిగితే సగం పీడ అక్కడే పోయేది, ఇప్పుడు అంత పోదు, పోయినంత పోనీ. రామ్‌బచన్ చేతిపంపు కొట్టాడు. ప్రభావతి బట్టల సబ్బుతో ఆ పెంకుని మెత్తబరిచి, ఒలిచి, కడిగి, మళ్లీ సబ్బు పట్టింది. కారం నీళ్లు ఎర్రగా కారి ఆమె కాళ్ల మీద పడ్డాయి. సోన్‌మతి పళ్లు బిగబట్టుకుంది గానీ చెయ్యి లాక్కోలేదు. పంపు ధార కింద చెయ్యి నిశ్చింతగా ఉంచింది, రెండో చేత్తో పుడిసిలి పట్టి నీళ్లు తాగింది కూడా. అది చూశాక ప్రభావతికి ఊపిరాడింది. ఇంకా సమయం ఉంది.

పావుగంటయ్యాక అయోడిన్ రాసి, కట్టు కట్టకుండా వదిలి, రెండు జబ్బలకీ మొదటి సూదులు వేసింది. తర్వాత వసారాలోకి నడిచింది. అక్కడ మామగారు, ట్రాక్టరు దిగొచ్చిన ధనేసరా, ఖదేరన్ కూర్చొని ఉన్నారు. ఖదేరన్ ముందు భోజనాల నాటి లడ్డూలు, పక్కన గుడ్డలో చుట్టిన కంచు పళ్లెం.

"ఈ పిల్లని ఇప్పుడే జిల్లా ఆసుపత్రికి తీసుకెళ్లాలి," అంది ప్రభావతి. "నేను వేసిన సూది పనిచెయ్యడానికి వారం పది రోజులు పడుతుంది. ఒంట్లో అది సైన్యాన్ని తయారు చెయ్యాలి. ఈలోగా కాపలా కావాలి. దానికి సీరం అని వేరే మందుంది, గాయం లోపలికీ చుట్టూతా ఎక్కించాలి. మా దగ్గర లేదు. అక్కడుంది."

"యాభై కిలోమీటర్లు," అన్నాడు మామగారు.

"అవును."

"కడుపుతో ఉంది."

"కడుపుతో ఉన్నవాళ్లకీ ఇస్తారు. సూది వల్ల బిడ్డకేం కాదు. జబ్బొస్తే తల్లీ ఉండదు, బిడ్డా ఉండదు."

ఖదేరన్ లడ్డూ నములుతూ నవ్వాడు. "పళ్లెం పట్టలేదమ్మా. విషముంటే వీపుని పట్టుకొని ఊగులాడేది. పెట్టీ పెట్టగానే జారింది. నువ్వు చదువుకున్నదానివి, నీకు తెలీదు."

"చలికాలం పొడి వీపు మీద ఏ పళ్లెమూ నిలవదు. చెమట పట్టిన వీపు మీద పెట్టు, ఎవరిదైనా పట్టుకుంటుంది. నీ వీపు మీద పెట్టనా?"

"సిస్టరమ్మకి నోరెక్కువ," అన్నాడు అతను ధనేసరాతో. ధనేసరా తలూపింది.

ప్రభావతి మళ్లీ మొదటినుంచీ చెప్పింది. గేదె చొంగ గురించి, కోతల గురించి, అది నరం పట్టుకొని వారాలపాటు మెదడు దాకా పాకడం గురించి, పాకేలోపే ఆపాలన్న సంగతి గురించి చెప్పింది. ఝింగురీ గురించి కూడా చెప్పింది. వాళ్లు శ్రద్ధగానే విన్నారు. మామగారు ఆవలించాడు. "చూద్దాంలే, వచ్చేవారం అబ్బాయికి ఫోన్ చేసి," అన్నాడు.

అప్పుడు ఆమెకి వాళ్లందరి మీదా ఒక్కసారిగా అసహ్యం పుట్టింది. లడ్డూ పొడి అంటుకున్న ఖదేరన్ మీసం మీదా, ముసలాయన ఆవలింత మీదా, సూది పడ్డ జబ్బ రుద్దుకుంటున్న ధనేసరా మీదా. ఈ మనుషులకి ప్రాణం అంటే ఎవరిది? తమది. అయితే తమ ప్రాణం మాటే చెప్తాననుకుంది.

"సరే, మీ ఇష్టం," అంది సంచి సర్దుకుంటూ. "ఇంతకీ ఈ మూడు రోజులూ పిండి ఎవరు కలిపారు?"

ధనేసరా రుద్దుకోవడం ఆపింది.

"ఆ చేత్తోనేనా?"

ముసలాయన పంపు వైపు తిరిగి చూశాడు.

"రాయతాకి ఊరంతా సూదులు పొడిపించుకుంది. ఈ చెయ్యి తిన్నగా గేదె గొంతులోంచి వచ్చింది, అదే చేత్తో రొట్టెలు. సీరం పడేదాకా ఆ చేతి కూడు తిన్నవాళ్ల పూచీ నాది కాదు."

అది పచ్చి అబద్ధం. చెబుతున్నప్పుడే ఆమె నాలుక మీద చేదు తగిలింది. ఆ జబ్బు పిండిలోంచి రాదు, కాలిన రొట్టెలోంచి అసలే రాదు. కానీ ధనేసరా లేచి, గుమ్మం దాటి, గోడ పట్టుకొని వాంతి చేసుకుంది. ఖదేరన్ చేతిలోని లడ్డూ ఎవరు చుట్టారని అడిగి, కింద పెట్టేశాడు. ముసలాయన, "రామ్‌బచన్, జీపులో డీజిలుందా?" అన్నాడు.

ఆ సాయంత్రానికల్లా సోన్‌మతి గాట్లలోకి, గీతలోకి సీరం ఎక్కింది. దారంతా ఆ పిల్ల కిటికీలోంచి గాలి మొహానికి కొట్టించుకుంటూ వచ్చింది. పెళ్లయ్యాక ఇంత దూరం జీపెక్కడం ఇదే మొదటిసారి అంది.

*

మూడో రోజున, ఏడో రోజున సోన్‌మతి కార్డు పట్టుకొని ధుసియాకి వచ్చింది. రామ్‌బచన్ దింపి వెళ్లేవాడు. బాగానే ఉంది, గాయం ఆరుతోంది. ప్రభావతి ఎప్పుడూ లేనిది ఆమెకి టీ పోసి ఇచ్చింది. మార్చి పదమూడున ఇరవై ఎనిమిదో రోజు ఆఖరి సూదులు పడ్డాయి. కార్డు మీద ముద్ర కొట్టి, "ఇక నీకు భయం లేదు, పో," అంది.

పిల్ల పోలేదు. బల్ల చివర కూర్చొని ఉంది.

"ఏమైందే?"

"అక్కా, ఒక కాగితం రాసిస్తావా? నా చెయ్యి మంచిదైపోయిందని."

అప్పుడు తెలిసింది. ఆరోజు నుంచీ ఆమెని వంటింట్లోకి రానివ్వడంలేదు. ఆమెకో రేకు పళ్లెం, ఓ గ్లాసు వేరే పెట్టారు, దూరం నుంచి వడ్డిస్తారు. పడక చచ్చిన గేదె కొట్టంలో వేశారు. మిగతా గేదెల్ని ముట్టుకోనివ్వరు. ఊళ్లో ఆడవాళ్లు పంపు దగ్గర ఆమె పోయాక బూడిదతో పంపు తోముకుంటున్నారు. సూరత్ నుంచి మొగుడు ఫోన్ చేస్తే ధనేసరా మాట్లాడి పెట్టేస్తోంది.

"పురుడు కూడా అక్కడే పోస్తారంట," అంది సోన్‌మతి. ఏడుపు లేదు. "కొట్టంలో గోమార్లున్నాయక్కా. రాత్రి చెవిలో దూరుతున్నాయి."

ప్రభావతి మొహాన ఎవరో ఉమ్మేసినట్టయింది. ఉమ్మింది ఎవరో కాదు, తనే.

ఆ మధ్యాహ్నమే రామ్‌బచన్ జీపెక్కి బేల్‌హరి వెళ్లి, అదే వసారాలో నిలబడి, అందరూ వినేలా చెప్పింది. "ఆరోజు నేను అబద్ధం చెప్పాను. ఈ పిల్లని ఆసుపత్రికి పంపరని భయమేసి చెప్పాను. ఆమె చేతి కూడు వల్ల ఎవరికీ ఏమీ రాదు. అప్పుడూ రాదు, ఇప్పుడూ రాదు."

ధనేసరా నిదానంగా అడిగింది. "అప్పుడు అబద్ధమాడావా, ఇప్పుడు ఆడుతున్నావా?"

ప్రభావతి పిండి తెప్పించింది. సోన్‌మతిని రొట్టె చెయ్యమంది, అందరి ముందూ రెండు తినేసింది. "నీకు సూదులన్నీ ముందే పడుంటాయిగా," అన్నాడు ముసలాయన. నిజమే, పడ్డాయి. సోన్‌మతి కార్డు చూపించింది. ముద్ర ఉంది, దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి ఇచ్చేశారు.

"ఖదేరన్ పళ్లెం పెట్టి చూడనీ," అంది ధనేసరా చివరికి. "ఊడితే వంటింట్లోకి రానిస్తాను."

"ఆరోజు ఊడింది కదా. విషం లేదన్నారు కదా."

"ఆరోజు నువ్వు వద్దన్నావు. అందుకే అది తప్పేమో."

ప్రభావతి చరచరా జీపు దాకా వచ్చేసింది. రామ్‌బచన్ తలుపు తీశాడు. వెనకే సోన్‌మతి వచ్చింది.

"పెట్టించక్కా."

"దాన్నా? నేనా? వాడు ఆ పళ్లెంతో ఎంతమందిని చంపాడో తెలుసా నీకు?"

"నాకెవరి మాట నిజమో వద్దు," అంది పిల్ల. "నాకు ఇంట్లో పడుకోవాలనుంది."

ఖదేరన్ పెళ్లికొడుకులా వచ్చాడు. వాకిట్లో పీట మీద సోన్‌మతిని కూర్చోబెట్టారు. ఎండ ముదిరింది, పిల్ల వీపంతా చెమట. పళ్లెం ఆనించడమే ఆలస్యం, పిండి ముద్దలా అతుక్కుంటుంది. అది ప్రభావతికి తెలుసు, ఖదేరన్‌కి ఇంకా బాగా తెలుసు. అతను ఆమె వైపు చూసి, మీసం దువ్వుకున్నాడు. సిస్టరమ్మకి నోరు ఎంత ఉందో ఇవాళ చూద్దామన్నట్టుంది ఆ చూపు.

"ఆగు," అంది ప్రభావతి. సంచిలోంచి కట్లు కట్టే పల్చటి గుడ్డ తీసి పిల్ల వీపు శుభ్రంగా తుడిచింది. రబ్బరు తొడుగులకి పూసే పొడి డబ్బా వంచి, మెడ నుంచి నడుము దాకా చల్లి రాసింది. "కడుపుతో ఉన్న పిల్ల, చెమటకాయలు," అంది ఎవరూ అడక్కుండానే. తర్వాత, వాడు వంకరగా పట్టి ఎక్కడ అతికిస్తాడోనని, పళ్లానికి ఒక పక్క తనే చెయ్యి వేసి పట్టుకుంది. ఖదేరన్ మంత్రం చదివి, పళ్లెం మీద మట్టి విసిరాడు. ఇద్దరూ చెయ్యి తీశారు.

పళ్లెం ఖంగుమని నేల మీద పడింది.

వాకిట్లో అందరూ ఒక్కసారి ఊపిరి వదిలారు. ధనేసరా కోడలి దగ్గరికి వచ్చి, నెల రోజుల్లో మొదటిసారి భుజం మీద చెయ్యి వేసింది. "లేవవే, పిండి తడపాలి," అంది. సోన్‌మతి వెళ్తూ వెళ్తూ వెనక్కి తిరిగి చూసింది. మొహమంతా వెలుగు. ఖదేరన్ పళ్లెం తుడుచుకుంటూ ప్రభావతి పక్కన నిలబడి, మెల్లగా అన్నాడు, "పొడి సంగతి బాగుంది సిస్టరమ్మా."

ఆమె పంపు దగ్గరికి వెళ్లి రెండు చేతులూ మోచేతుల దాకా కడుక్కుంది. పావుగంట కడిగినా ఆ కంచు వాసన పోలేదు.

*

ఏప్రిల్ మొదటి వారంలో ఒక పొద్దున ఆరో నెంబరు గదిలోకి రామ్‌బచన్ వచ్చాడు. కుడి అరచేతికి గుడ్డ చుట్టి ఉంది. విప్పితే లోపల కారం, సున్నం, ఆవనూనె. వాటి కింద రెండు లోతైన పళ్ల గుర్తులు.

"ఎప్పుడు కరిచింది?"

"మూడు రోజులైందక్కా. కాలవ గట్టు కుక్కే. ఆ గేదెని తిన్న వాటిలోది."

"మూడు రోజులు ఏం చేశావురా? నాకు పంపు కొట్టినవాడివి కదా నువ్వు. నువ్వే కొట్టావు పావుగంట. చూశావు కదా."

రామ్‌బచన్ కొంచెం నొచ్చుకున్నాడు. "చూశానక్కా. అందుకే ముందు పళ్లెం పెట్టించుకున్నాను. పెట్టగానే ఊడింది. అయినా మా ఆవిడ పోరు పెట్టి పంపించింది."

"అందుకే అంటావేంరా?"

"నువ్వే దగ్గరుండి పెట్టించావు కదా. నువ్వే పట్టుకున్నావు కదా ఆ పళ్లెం."

ప్రభావతి ఆ గుడ్డ చెత్తడబ్బాలో పడేసింది. అతని చెయ్యి కుళాయి కింద పెట్టి, సబ్బు తీసి, గడియారం వైపు చూసింది.